మేడం చూసి కూడా చూడనట్టు వెళ్లిపోయారు

ప్రశ్న: అమ్మా, నమస్తే. మాది జడ్చర్ల దగ్గర ఊరు. మహబూబ్‌నగర్‌లో ఒక సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి మూడు నెలలైంది. ఏప్రిల్ 23న పొద్దున పదిన్నరకు నేను కారిడార్ చివర కిటికీ వైపు నుంచి నడుస్తుంటే, మా సూపరింటెండెంట్ మేడం బయటి నుంచి వచ్చి మెట్లెక్కి ఎదురయ్యారు. చేతిలో ఫైళ్లున్నాయి. సరిగ్గా పక్కకు వచ్చాక "నమస్తే మేడం" అన్నాను. నా ముఖంలోకే చూశారు. మాట లేదు, తల కూడా ఊపలేదు, వెళ్లిపోయారు. అక్కడున్న ఇద్దరు చూశారు కూడా. ఆ రోజంతా పని మీద మనసు లేదు. మధ్యాహ్నం జిరాక్స్ అన్న రెండుసార్లు పిలిచినా నాకు వినపడలేదంట. అప్పటినుంచి మేడం కనిపిస్తే ఫోన్ చూస్తూ పక్కకు తప్పుకుంటున్నాను. నేనేం తప్పు చేశాను? వెళ్లి అడగాలా, నమస్తే పెట్టడమే మానేయాలా?
– ఒక చెల్లెలు, మహబూబ్‌నగర్

జవాబు: మేడం మనసులో ఏముందో తర్వాత చూద్దాం బిడ్డా. ముందు ఆ కారిడార్‌ను చూద్దాం. నీకు తెలియకుండానే చాలా పనికొచ్చే వివరాలు రాశావు.

నువ్వు కిటికీ వైపు నుంచి వస్తున్నావు. అంటే వెలుగు నీ వెనక ఉంది. ఆ వెలుగు ఆమె ముఖం మీద పడింది కాబట్టి ఆమె కళ్లు, కనుబొమ్మలు, ముఖం మీద నవ్వు లేకపోవడం అన్నీ నీకు స్పష్టంగా కనిపించాయి. ఆమెకు మాత్రం నీ ముఖం నల్లగా, చుట్టూ వెలుగుతో కనిపించి ఉంటుంది. మధ్యాహ్నం పూట ఎవరైనా వచ్చి గుమ్మంలో నిలబడితే లోపల కూర్చున్నవాళ్లం "ఎవరది?" అని అడుగుతాం కదా, అలాగన్నమాట. కిటికీకి వీపు పెట్టి ఒక ఫొటో దిగు, నీ ముఖం ఎలా వస్తుందో చూస్తే నా మాట అర్థమవుతుంది.

పైగా అది ఏప్రిల్ చివర. మన పాలమూరు ఎండ పదిన్నరకే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. ఎండలోంచి నీడలోకి వచ్చిన కంటికి అక్కడి మసక వెలుగు అలవాటు కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆమె పెట్టుకున్నవి ఎండకు నల్లబడే కళ్లద్దాలైతే అవి తిరిగి తెల్లబడడానికీ కొన్ని నిమిషాలు కావాలి. గేటు దగ్గర బండి దిగి మెట్లెక్కడానికి రెండు నిమిషాలు కూడా పట్టి ఉండదు. అందుకే "నా ముఖంలోకే చూశారు" అని నువ్వు రాసిన దాంట్లో సగమే నిజం. ఆమె కళ్లు నీ వైపు తిరిగాయి, అది నిజం. ఆ కళ్లకు నువ్వు కనిపించావా లేదా అన్నది నీ వైపు నుంచి తెలిసే సంగతి కాదు.

నమ్మకం కుదరకపోతే ఒక పని చెయ్యి. ఒక రోజు అదే టైముకు నీ ఫ్రెండ్‌ను, ఇంకో ఇద్దరిని కిటికీ దగ్గర నిలబెట్టు. ఎవరు ఎక్కడ ఉన్నారో నీకు చెప్పొద్దను. నువ్వు ఒక ఐదు నిమిషాలు ఎండలో నిలబడి, మెట్లెక్కి వాళ్ల వైపు నడిచి రా. ఎన్ని అడుగుల దూరంలో ఎవరెవరో గుర్తుపట్టగలిగావో చూసుకో.

ఇక దూరం సంగతి. సరిగ్గా పక్కకు వచ్చాక నమస్తే అన్నానని రాశావు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు చాలామంది ఇలాగే చేస్తారు. అనాలా వద్దా అని తటపటాయిస్తూ, పక్కకు వచ్చాక గబుక్కున అనేస్తారు. మామూలు నడకలో మనిషి సెకనుకు నాలుగడుగుల కొలత కంటే కొంచెం ఎక్కువే దాటుతాడు. ఇద్దరు ఎదురెదురుగా వస్తుంటే మధ్య దూరం సెకనుకు ఎనిమిదడుగుల చొప్పున తగ్గిపోతుంది. ఆరడుగుల దూరంలో నోరు తెరిస్తే, "నమస్తే మేడం" పూర్తయ్యేలోపే ఆమె నిన్ను దాటిపోతుంది. ఆమె విని, ఎవరో పోల్చుకుని, జవాబిచ్చేసరికి నువ్వు ఆమె వెనక ఉంటావు. ఫైళ్లు పట్టుకున్న చెయ్యి పైకి లేవదు. మన ఆఫీసుల్లో పెద్దవాళ్ల జవాబు చాలాసార్లు గొంతులోనే ఒక "ఆఁ", లేదంటే గడ్డం వేలెడంత కిందికి దించడం. అది నీ వెనక జరిగి ఉంటే నీకెలా తెలుస్తుంది?

వెలుగు, దూరం రెండూ బాగున్నా మనిషి చూడలేకపోవచ్చు. నేను నల్లగొండలో ముప్పై ఏళ్లు సైకాలజీ పాఠాలు చెప్పాను. ఈ ప్రయోగం గురించి చెప్పిన రోజు క్లాసులో ఎవరూ నమ్మేవాళ్లు కాదు. అమెరికాలోని వెస్టర్న్ వాషింగ్టన్ యూనివర్సిటీలో ఐరా హైమన్ అనే ప్రొఫెసర్, ఆయన విద్యార్థులు కలిసి చేశారు. 2009లో బయటికొచ్చింది. జనం నడిచే ఆవరణలో ఒక జోకర్‌ను ఒంటి చక్రం సైకిల్ మీద తిప్పారు. రంగురంగుల బట్టలు, ఎర్రటి ముక్కు. ఆ ఆవరణ దాటి వచ్చినవాళ్లను ఆపి, జోకర్ కనిపించాడా అని అడిగారు. ఫోన్‌లో మాట్లాడుతూ నడిచినవాళ్లలో నలుగురిలో ఒక్కరే కనిపించాడన్నారు. "వాళ్లు ఫోన్‌లో ఉన్నారు కదా మేడం" అని మా పిల్లలు వెంటనే అనేవాళ్లు. నిజమే. కానీ ఫోన్ లేకుండా ఒంటరిగా నడిచినవాళ్లలోనూ చూసింది సుమారు సగం మందే. ఇద్దరిద్దరుగా నడిచినవాళ్లే బాగా చూశారు. ఒంటరిగా నడిచే మనిషి చాలాసార్లు తన తలలోపలే నడుస్తుంటాడు.

అలాంటప్పుడు ఎర్ర ముక్కు లేని జూనియర్ అసిస్టెంట్ కనపడకపోవడంలో వింతేముంది? 23వ తారీఖు అంటే నెల చివరికి వచ్చేశాం. జీతాల బిల్లులు ట్రెజరీకి వెళ్లాల్సిన రోజులు. ఏ బిల్లు ఆబ్జెక్షన్‌తో వెనక్కి వచ్చిందో, ఆ ఫైళ్లలో ఏ సంతకం మిగిలిపోయిందో. ఆ సీటులో మూడు నెలలు కాదు, మూడేళ్లు కూర్చుంటే ఆ నాలుగు రోజుల నడక ఎలా ఉంటుందో నీకే తెలుస్తుంది.

ఇదంతా చదివాక "అర్థమైంది కానీ ఇంకా బాధగానే ఉంది" అనుకుంటావు. బాధ ఉంటుంది. కిప్లింగ్ విలియమ్స్ అనే సైకాలజిస్టు ఒకరోజు కుక్కను తీసుకుని పార్కుకు వెళ్లాడు. ఎవరో ఇద్దరు ఆడుకుంటున్న ఫ్రిస్బీ, అంటే గాల్లో విసిరే ప్లాస్టిక్ పళ్లెం, ఆయన దగ్గరికి దొర్లింది. ఆయన తిరిగి విసిరాడు. వాళ్లు మళ్లీ ఆయనకే విసిరారు. అలా ముగ్గురూ కొంచెంసేపు ఆడారు. తర్వాత ఆ ఇద్దరూ ఏమీ అనకుండా ఆయనకు విసరడం ఆపేశారు. ముక్కూ మొహం తెలియని మనుషులు, కొద్దిసేపటి ఆట, అయినా ఆయనకు మనసు చివుక్కుమంది. దాన్నే కంప్యూటర్ మీద బంతాటగా మార్చి ఏళ్ల తరబడి పరీక్షించాడు. నీకు పనికొచ్చేది 2004లో లీసా జాడ్రోతో కలిసి చేసిన పరీక్ష. "ఎదురు ఆడుతున్నది మనుషులు కాదు, కంప్యూటర్" అని పరీక్షకు వచ్చినవాళ్లలో కొందరికి ముందే చెప్పారు. అయినా బంతి రాకపోయేసరికి వాళ్లకు దాదాపు అంతే బాధ కలిగింది.

కంప్యూటర్‌కు వాళ్ల మీద కోపమేముంటుంది? అంటే మనల్ని వదిలేశారన్న బాధ పుట్టడానికి అవతలివాళ్ల ఉద్దేశంతో పనే లేదు. వేడి గిన్నె తగిలితే చెయ్యి వెనక్కి లాక్కున్నట్టు ముందు మనసు ముడుచుకుంటుంది, కారణం తర్వాత వెతుక్కుంటుంది. నువ్వు "నేనేం తప్పు చేశాను" అని మూడు నెలల పనంతా తిరగేస్తున్నది అదే. బాధ ఎంత గట్టిగా ఉన్నా, ఆమె కావాలని చేసిందనడానికి అది సాక్ష్యం కాదు. దాన్ని పోగొట్టాలని కూడా చూడకు, ఒకట్రెండు రోజుల్లో అదే పలుచబడుతుంది. చూసిన ఆ ఇద్దరి గురించి కూడా ఆలోచించకు. సాయంత్రానికల్లా వాళ్లకు వాళ్ల టెన్షన్లు వచ్చేసి ఉంటాయి.

నాకు అసలు భయం వేసింది నీ ఉత్తరంలో చివరి సంగతికి, ఫోన్ చూస్తూ పక్కకు తప్పుకోవడానికి. 23న ఆమె నిన్ను చూసిందో లేదో మనకు తెలియదు. కానీ ఇప్పుడు మామూలు వెలుగులో, తీరిగ్గా వస్తున్న ఆమెకు, నువ్వు ఫోన్‌లో తల దూర్చి గోడవారగా జారుకోవడం స్పష్టంగా కనిపిస్తోంది. "కొత్త అమ్మాయి నెల రోజులు బాగానే మందలించింది, ఇప్పుడేమైందో" అని ఆమె అనుకోవచ్చు. (ఈ మాట కోస్తా నుంచి వచ్చిన కొలీగ్ ముందు వాడకు. మనకు మందలించడమంటే పలకరించడం, వాళ్లకు తిట్టడం. నేనొకసారి "మీ అమ్మగారిని మందలించి వచ్చాను" అంటే ఒక లెక్చరర్ ముఖం మాడిపోయింది.) నువ్వు తప్పుకుంటే ఆమె ముభావంగా ఉంటుంది, ఆ ముభావం చూసి నువ్వు "చూశారా, నేను అనుకున్నదే" అంటావు. మా స్టాఫ్‌రూమ్‌లో ఇద్దరు ఇలాగే నాలుగేళ్లు మాటల్లేకుండా ఎదురెదురు కుర్చీల్లో కూర్చున్నారు. మొదలు ఎక్కడని ఇద్దరినీ విడివిడిగా అడిగితే ఇద్దరూ "ముందు మాట మానేసింది వాళ్లే" అన్నారు.

నేను చేసిన పొరపాటు కూడా చెప్తాను. మా దగ్గర మర్రిగూడ వైపు నుంచి వచ్చే ఒక అటెండర్ ఉండేవాడు. కారిడార్‌లో వెనక నుంచి "ఏం పెద్దాయనా, బాగున్నవా" అంటే తిరిగేవాడు కాదు. నేను క్లాసుకు పోయే తొందరలో ఒక్క క్షణం ఆగి, జవాబు రాక వెళ్లిపోయేదాన్ని. రెండు నెలలు అతనికి పొగరనే అనుకున్నాను. సైకాలజీ చెప్పే నేనే! ఒకరోజు బెంచీ మీద చాక్‌పీస్‌ల డబ్బా తీసుకోవడానికి అతను ఒళ్లంతా గుండ్రంగా తిప్పడం చూశాను. మెడ తిరగదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరునీళ్లు ఏళ్ల తరబడి తాగితే అది ఎముకల్లో చేరి వెన్ను, మెడ బిగుసుకుపోతాయి. మన నల్లగొండ జిల్లాలో అలాంటివాళ్లు ఎందరో. నేను పిలిచిన ప్రతిసారీ అతను వినేవాడు, ఒళ్లంతా తిప్పేసరికి నేను క్లాసులోకి వెళ్లిపోయి ఉండేదాన్ని. "మీరు ఆగరు కదమ్మా" అన్నాడు నవ్వుతూ.

మెడ ఒక్కటే కాదు, ఒక చెవి సరిగా వినపడనివాళ్లు ఆ వైపు నుంచి పలకరిస్తే పలకరు. అది బయటికి చెప్పుకోవడానికి ఇష్టపడరు కూడా. ముఖాలు గుర్తుపట్టలేని ఇబ్బంది పుట్టుకతోనే ఉన్నవాళ్లున్నారు. రోజూ చూసే మనిషిని కూడా ముఖం చూసి పోల్చుకోలేకపోవచ్చు, మాట వింటే పోల్చుకుంటారు.

మరి రేపటి నుంచి ఏం చేయాలంటే, నమస్తేను నాలుగడుగులు ముందుకు జరుపు. ఇరవై అడుగుల దూరంలో ఆమె కనిపించగానే నడక కొంచెం తగ్గించు, కిటికీ నీ వెనక ఉంటే గోడవైపు ఒక అడుగు జరిగి, కొంచెం పక్కకు తిరిగి వెలుగు నీ ముఖం మీద పక్క నుంచి పడేలా చూసుకో. పది పన్నెండు అడుగుల దగ్గర మాట అను. "నమస్తే మేడం" కాదు, "మేడం, నమస్తే" అను. తేడా చిన్నదే. కానీ వేరే ఆలోచనలో ఉన్న మనిషికి మొదటి మాట తల ఎత్తడానికే సరిపోతుంది, రెండో మాటే లోపలికి వెళ్తుంది. మొదటి మాటే నమస్తే అయితే అది పోయినట్టే.

అయితే మీ ఆఫీసులో మేడంలు ఎంతమంది? ఆ మాట రోజంతా అందరి చెవుల్లో పడుతూనే ఉంటుంది. మీ దగ్గర పేరు కలిపి ఫలానా మేడం అని పిలిచే అలవాటుంటే అలాగే పిలువు. మన పేరు మన చెవిని వేరేగా లాగుతుంది. దానికీ ఒక హద్దుంది. 1959లో నెవిల్ మోరే అనే ఆయన, ఒక చెవిలో మాటలను శ్రద్ధగా వింటూ పైకి చెప్తున్నవాళ్లకు రెండో చెవిలో వాళ్ల పేరు వినిపించాడు. గమనించింది మూడింట ఒక వంతు మందే. పేరు పెట్టి పిలిచినా పలకలేదంటే పొగరే అని తేల్చేయకు.

ఇంకొకటి మన పెద్దవాళ్ల దగ్గర నేర్చుకోవాలి. ఊళ్లో ఎవరూ ఉత్త నమస్తే పెట్టి వదలరు. "ఏం పెద్దమ్మా, తిన్నవా?", "ఎటు పోతున్నవే?" అంటారు. అది తెలుసుకోవాలని కాదు, ప్రశ్న కాబట్టి అవతలి మనిషి ఏదో ఒకటి అనక తప్పదు. నమస్తేకు తల ఊపితే సరిపోతుంది, ఊపింది కనపడకపోనూ వచ్చు. ప్రశ్నకు గొంతు కావాలి. అందుకని మేడంతో మొదటి మాట కారిడార్‌లో కాకుండా ఆమె సీటు దగ్గర, ఏదైనా ఫైలు ఇచ్చేటప్పుడు కలుపు. "మేడం, నమస్తే. ట్రెజరీ బిల్లులు అయిపోయినయా?" చాలు. కూర్చున్న మనిషి, మంచి వెలుగు, మూడడుగుల దూరం. ఆమె అక్కడ మామూలుగా మాట్లాడితే 23 నాటి సంగతి ముగిసినట్టే. "ఆ రోజు మీరు నన్ను చూసి కూడా మాట్లాడలేదు" అని మాత్రం తవ్వకు. ఆమెకు గుర్తుండదు, గుర్తులేని తప్పుకు సంజాయిషీ అడిగినట్టవుతుంది.

ఒకవేళ మళ్లీ కారిడార్‌లో అలాగే జరిగితే ఒకసారి అన్న మాటను మళ్లీ గట్టిగా అనకు, వెనక్కి తిరిగి చూడకు. నీ దారిన వెళ్లి, తర్వాత ఎదురైనప్పుడు మొదటిసారి అన్నట్టే అను.

నిజంగానే కావాలని చేసేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. కానీ అది తెలియాలంటే ఒక్క రోజు, ఒక్క కారిడార్ చాలవు. రెండు మూడు వారాలపాటు, సీటు దగ్గర, మీటింగ్‌లో, క్యాంటీన్‌లో, మంచి వెలుగులో నువ్వు పలకరించినా ఆమె పలకకుండా, అదే నిమిషంలో నీ పక్కన ఉన్నవాళ్లకు నవ్వుతూ జవాబిస్తుంటే, అప్పుడు ఏదో ఉన్నట్టే. అప్పుడు కూడా నమస్తే ఊసెత్తకు. ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి, "మేడం, నా పనిలో ఏమైనా పొరపాటు జరిగితే చెప్పండి, సరిచేసుకుంటాను" అని ఒక్క మాట అడుగు. పని మీద కోపమైతే అక్కడే బయటపడుతుంది. "అదేం లేదే" అని మామూలైపోతే ఇంకా మంచిది.

దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. మన ప్రాంతంలో ఎవరి దండం ఎవరు అందుకోవాలో కులం, హోదా చెప్పిన రోజులు మరీ పాతవి కావు. "బాంచెన్ దొరా, కాల్మొక్త" అన్నవాళ్లకు దొర తిరిగి దండం పెట్టేవాడు కాదు. ఆ వాసన ఇంకా కొన్ని ఆఫీసుల్లో ఉంది. పై సీటువాళ్లు తిరిగి నమస్తే పెట్టకపోవడాన్ని అక్కడ మర్యాదగానే లెక్కేస్తారు, నాకైతే అది రోతగా ఉంటుంది. మీ మేడం అటెండర్లకు, స్వీపర్లకు, నీలాంటి జూనియర్లకు ఎవరికీ పలకకుండా పైవాళ్లకు మాత్రం పలికితే అది ఆ జబ్బే. దాన్ని నీ తప్పుగా మీద వేసుకోకు. ఫలానా కులంవాళ్లకు మాత్రమే పలకదని తేలితే అది పలకరింపు సమస్య కాదు, వివక్ష. అప్పుడు నాకు మళ్లీ రాయి, ఆ జవాబు వేరే ఉంటుంది. కానీ నువ్వు రాసిన దాంట్లో అలాంటి జాడేదీ నాకు కనిపించలేదు. ఒక కిటికీ, ఎండ, ఫైళ్లు, 23వ తారీఖు కనిపించాయి.

జిరాక్స్ అన్న సంగతి ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు. రెండుసార్లు పిలిచాడు, నువ్వు పలకలేదు. అతను ఇంటికి వెళ్లి ఏమనుకున్నాడో మనకు తెలియదు. రేపు మేడం దగ్గరికి వెళ్లే ముందు అతని మెషిన్ దగ్గర ఆగి, "అన్నా, మొన్న పిలిచినవంట, వినపడలేదు, ఏంది పని?" అని అడుగు.